పోట్రెయిట్ C1, యాక్షన్ C2: ఎద్దుల పోటీల దగ్గర డయల్ ఒక్క మెట్టు తిప్పితే పని అయ్యేలా ప్రీసెట్లు సేవ్ చేసుకోవడం

సంక్రాంతి దగ్గర పడితే చాలు ఒంగోలు, టంగుటూరు, సింగరాయకొండ వైపు నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. ఫోటోలు తీసే తమ్ముళ్ళు అడిగేది దాదాపు ఒకటే. "అన్నా, రైతు జతతో నిలబడి ఉన్నప్పుడు ఫోటో బాగానే వస్తంది, అంతలోనే మైకులో పేరు పిలుస్తారు, ఎడ్లు బండకి కట్టేసి లాగడం మొదలెడతారు, నేను సెట్టింగులు మార్చుకునేలోపు సగం దూరం పోతన్నాయి, ఆ C1 C2 ఎట్లా పెట్టుకోవాలన్నా?"

ఒక్కొక్కరికి ఫోన్లో చెప్తే ఏదో ఒకటి మర్చిపోతున్నా, అందుకే మొత్తం వరసగా ఇక్కడ రాస్తున్నా. నా దగ్గరుండేది కెనాన్ ఈఓఎస్ ఆర్6, దాని మీద 70-200 ఎఫ్/2.8 లెన్స్, కాబట్టి మెనూ పేర్లు దానివే ఇస్తా. కెనాన్‌లో డయల్ మీద C1, C2 ఉన్న మిగతా బాడీల్లో కూడా దారి ఇంచుమించు ఇదే. నికాన్, సోనీ వాళ్ళకి చివర్లో చెప్తా.

## 1. ముందు ఇది తేల్చుకోండి: ప్రీసెట్‌లో ఏం దాచాలి

ఎక్కువమంది చేసేదేంటంటే ఒకరోజు మంచి ఫోటో వచ్చిందనుకోండి, ఆ క్షణంలో కెమెరాలో ఏముంటే అది అలాగే C1లో సేవ్ చేసేస్తారు. ఐఎస్ఓ 400, షట్టర్ 1/800, వైట్ బ్యాలెన్స్ ఎండకి, అన్నీ. మర్నాడు మబ్బు పట్టిందంటే ఆ C1 పనికిరాదు. ఇక ఈ ప్రీసెట్లు ఉత్తవే అనుకుని మళ్ళీ పాత పద్ధతికి వెళ్ళిపోతారు.

నేను చెప్పేది ఏంటంటే, ప్రీసెట్‌లో వెలుతురుని దాచకండి, పని పద్ధతిని దాచండి. మనిషి కదలకుండా నిలబడితే ఫోకస్ ఎలా పట్టాలి, ఒక్కో ఫోటోనా వరసగానా, షట్టర్ ఎంతకి తగ్గకూడదు, ఎంత లోతు షార్ప్‌గా ఉండాలి, ఇవి పొద్దునైనా సాయంత్రమైనా మారవు. మారేది వెలుతురు ఒక్కటే, దాన్ని ఆటో ఐఎస్ఓకి వదిలేయాలి. కింద చెప్పే నంబర్లన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

డయల్ మీద వరస కూడా ముందే అనుకోవాలి. C1, C2, C3 పక్కపక్కనే ఉంటాయి కాబట్టి మాటిమాటికీ మార్చుకునే రెండూ పక్కపక్కన ఉండాలి. నేను పెట్టుకున్నది ఇలా:

- C1: పోట్రెయిట్, అంటే రైతు, జత, కుటుంబం
- C2: పగటి యాక్షన్, లాగుడు
- C3: ఫ్లడ్ లైట్ల కింద యాక్షన్

పోట్రెయిట్ నుంచి యాక్షన్‌కి వెళ్ళాలంటే ఒక్క మెట్టు. కంటికి కెమెరా ఆనించే ఉంచి, వేలికి తగిలిన క్లిక్కుని బట్టి తిప్పేయొచ్చు.

## 2. సేవ్ చేసేముందు కెమెరాని శుభ్రం చేసుకోవడం

శుభ్రం అంటే లెన్స్ తుడవడం గురించి కాదు. `Register settings` నొక్కినప్పుడు స్క్రీన్ మీద మీకు కనపడేవే కాదు, ఎప్పుడో మార్చి మర్చిపోయినవి కూడా కలిసి సేవ్ అవుతాయి. నా దగ్గరకి ఒక తమ్ముడు కెమెరా తెచ్చాడు, C2లో తీసిన ప్రతి ఫోటో ముదురుగా వస్తోందని. చూస్తే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ ఒకటీ మూడింట ఒక వంతు దగ్గర ఉంది. వారం ముందు ఏదో పెళ్ళి స్టేజీ మీద ఎల్‌ఈడీ తెర కోసం తగ్గించాడంట, ఆ తగ్గింపుతోనే ప్రీసెట్ సేవ్ అయింది. అప్పటికి మూడు ఊళ్ళ పోటీలు అట్లాగే తీసేశాడు పాపం.

అందుకని సేవ్ చేసేముందు ఇవి చూసుకోండి:

- ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ సున్నా దగ్గర
- ఫ్లాష్ కాంపెన్సేషన్ సున్నా
- బ్రాకెటింగ్ ఆఫ్
- వైట్ బ్యాలెన్స్ షిఫ్ట్ ఏమీ లేదు
- సెల్ఫ్ టైమర్ ఆఫ్
- క్రాప్ మోడ్ లేదు, పూర్తి ఫ్రేమ్
- ఫైల్ రకం మీకు కావలసిందే, రా కావాలంటే రా

చివరిది తేలిగ్గా తీసుకోవద్దు. C1లో రా, C2లో చిన్న సైజు జేపెగ్ అని ఉండి, రోజంతా ఆ చిన్న సైజులోనే యాక్షన్ తీసేసి ఇంటికొచ్చాక చూసుకున్నవాళ్ళు ఉన్నారు. ఏ ప్రీసెట్‌కి ఆ ప్రీసెట్ తన ఫైల్ రకాన్ని గుర్తు పెట్టుకుంటుంది మరి.

## 3. C1 పోట్రెయిట్ కట్టడం

డయల్ `Av` మీద పెట్టండి. ఇక్కడ మన చేతిలో ఉండాల్సింది అపర్చర్ ఒక్కటే.

అపర్చర్ ఎఫ్/5.6 నుంచి మొదలెట్టండి. పోట్రెయిట్ అనగానే ఎఫ్/2.8 అనుకుంటాం కదా, ఎద్దుతో మనిషి నిలబడ్డప్పుడు అది దెబ్బ కొడుతుంది. 135 మిల్లీమీటర్ల దగ్గర, 5 మీటర్ల దూరం నుంచి ఫుల్ ఫ్రేమ్‌లో ఎఫ్/2.8కి షార్ప్‌గా ఉండే లోతు సుమారు 23 సెంటీమీటర్లే. ఎఫ్/5.6కి అది రెట్టింపు, సుమారు 46. ఒంగోలు ఎద్దు మూతి నుంచి కొమ్ము మొదలు దాకా ఎంత పొడుగుంటుందో చూసే ఉంటారు, రైతేమో దాని చెవి పక్కన నిలబడతాడు. 23 సెంటీమీటర్లలో అయితే రైతు కన్ను, లేకపోతే ఎద్దు మూతి, రెండింట్లో ఒకటే వస్తుంది. మనిషి ఒక్కడే ఉన్నప్పుడు మెయిన్ డయల్ తిప్పి ఎఫ్/2.8కి తెచ్చుకోవచ్చు, అదేం పెద్ద పని కాదు.

షట్టర్ కనీసం 1/250. `Av`లో షట్టర్ కెమెరా ఇష్టం కదా అనొచ్చు, కాకపోతే దానికి ఒక హద్దు పెట్టొచ్చు. `ISO speed settings` లోపలికెళ్తే `Min. shutter spd.` అని ఉంటుంది, దాన్ని ఆటో నుంచి తీసి 1/250 ఇవ్వండి. అప్పుడు వెలుతురు తగ్గితే కెమెరా ముందు ఐఎస్ఓ పెంచుతుంది, ఆ పై హద్దు దాటాకే షట్టర్ తగ్గిస్తుంది. ఎద్దు నిలబడ్డా తల ఊపుతూనే ఉంటుంది, చెవులు ఆడిస్తుంది, 1/100 అయితే సరిపోదు.

ఆటో ఐఎస్ఓ 100 నుంచి 3200. అదే మెనూలో `Auto range` దగ్గర పెట్టుకోవాలి.

ఫోకస్. ఏఎఫ్ ఆపరేషన్ `One-Shot`, పద్ధతి ఫేస్ ట్రాకింగ్, `Subject to detect` దగ్గర `People`, కన్ను పట్టుకోవడం ఆన్. రైతు కంటి మీద పెట్టె పడితే సగం నొక్కి పట్టుకుని ఫ్రేమ్ సర్దుకోండి.

డ్రైవ్ సింగిల్, వైట్ బ్యాలెన్స్ ఆటో. సాయంత్రం ఎర్రమట్టి నేల రంగు ముఖం మీదకి కొడుతుంది, దాన్ని రాలో తర్వాత సర్దుకోవచ్చు కాబట్టి ఇక్కడ తల పట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు సేవ్ చేద్దాం. మెనూలో పసుపు రంగు స్పానర్ గుర్తున్న ట్యాబ్, దాని చివరి పేజీల్లో `Custom shooting mode` ఉంటుంది. లోపల `Register settings`, అందులో C1 ఎంచుకుని ఓకే. అంతే. డయల్ C1కి తిప్పి చూడండి, పైన పెట్టినవన్నీ వచ్చి కూర్చుని ఉండాలి.

## 4. C2 యాక్షన్ కట్టడం, అసలు శ్రమంతా ఇక్కడే

డయల్ `M` మీద పెట్టండి, ఐఎస్ఓ మాత్రం ఆటో. షట్టర్, అపర్చర్ రెండూ మనవి, వెలుతురు కెమెరాది. `Tv` ఎందుకు కాదంటే అక్కడ అపర్చర్ తనంతట తాను తిరుగుతుంది, ఎండలో ఎఫ్/11కి పోయి వెనకాల జనం, టెంటు, ఫ్లెక్సీలు అన్నీ స్పష్టంగా కనపడి జత అందులో కలిసిపోతుంది.

షట్టర్ 1/1600. ఎడ్లు బండ లాగేటప్పుడు నడక అంత వేగం కాదు, దాన్ని చూసి 1/500 చాలనుకుంటారు. ఎడ్ల వరకు ఒకోసారి చాలుతుంది కూడా. అయితే ఆ ఫోటోలో వేగమంతా మనుషులది, పక్కన పరిగెత్తే వాళ్ళు, గాల్లోకి లేచిన చెయ్యి, గిట్టల కింద నుంచి ఎగిరే మట్టిపెళ్ళలు. చెయ్యి విసిరేటప్పుడు సెకనుకి 10 మీటర్ల వేగం ఉందనుకుంటే 1/500లో అది 2 సెంటీమీటర్లు కదులుతుంది, 1/1600లో 6 మిల్లీమీటర్ల పైచిలుకు. ఆ తేడా ప్రింటులో కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

అపర్చర్ ఎఫ్/5.6. దీని వెనక ఒక లెక్క ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి. నడినెత్తి ఎండలో ఐఎస్ఓ 100కి ఎఫ్/16, 1/100 సరిపోతుందనేది పాత కొలత. ఎఫ్/16 నుంచి ఎఫ్/4 అంటే నాలుగు స్టాపులు, అంటే ఎఫ్/4కి 1/1600 కావాలి, అదీ ఐఎస్ఓ 100 దగ్గర. మీరు C2లో ఎఫ్/4, 1/1250 అని సేవ్ చేసుకున్నారనుకోండి, మధ్యాహ్నం కెమెరా ఐఎస్ఓని 100 కన్నా కిందికి దించలేదు, షట్టర్ మీరు కట్టేశారు, అపర్చర్ మీరు కట్టేశారు, ఇక దానికి దారి లేదు. ఫోటో తెల్లబోతుంది. ఇదేదో నల్ల గేదె అయితే కొంచెం తెల్లబడ్డా సర్దుకోవచ్చు, ఇక్కడున్నది ముగ్గులాంటి తెల్ల ఎద్దు, ఒంటి మీద కండ, ముడతలు అన్నీ పోయి కాగితం ముక్కలా మిగులుతుంది, రాలో కూడా పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

అదే ఎఫ్/5.6, 1/1600 అయితే నడిమధ్యాహ్నం ఐఎస్ఓ 200 దగ్గర నిలుస్తుంది. కిందికి ఇంకో స్టాపు ఖాళీ ఉంది, పైకి బోలెడంత ఉంది. సాయంత్రం వెలుతురు నాలుగు స్టాపులు తగ్గినా 3200 దగ్గరే ఉంటారు.

ఆటో ఐఎస్ఓ 100 నుంచి 6400.

ఫోకస్ దగ్గర మాత్రం C1 అలవాటుని పూర్తిగా వదిలేయాలి. ఏఎఫ్ ఆపరేషన్ `Servo`. ఇది అందరికీ తెలిసిందే. తెలియనిది `Subject to detect`. దాన్ని `People` మీద ఉంచితే పెట్టె వెళ్ళి ఎడ్ల వెనక తోలేవాళ్ళ ముఖం మీద కూర్చుంటుంది, ఎడ్లు మసక. సరే `Animals` పెడదాం అంటారు, అది కుక్క, పిల్లి, పక్షి కోసం నేర్పించింది, ఎద్దుని ఒకసారి పడుతుంది ఒకసారి వదిలేస్తుంది, పోటీ దగ్గర ఆ నమ్మకం లేని పని మనకొద్దు. నేనైతే `No priority` పెడతా, కొన్ని కొత్త బాడీల్లో దీన్ని `None` అని రాస్తారు. ఏఎఫ్ పద్ధతి చుట్టూ పాయింట్లు కలిసిన `Expand AF area`, దాన్ని నేనే ఎద్దు ముఖం మీద పెడతా.

ఎద్దు ముఖం మీద అని ఎందుకంటున్నానంటే, ఒంగోలు జాతి మగవాటికి ఒళ్ళు తెలుపే అయినా తల, మెడ, మూపురం దగ్గర బూడిద నలుపు ఉంటుంది, కళ్ళ చుట్టూ నలుపు. ఫోకస్‌కి కావలసిన తేడా అక్కడ దొరుకుతుంది. ఒట్టి తెల్లని డొక్క మీద పాయింట్ పెడితే పట్టుకోవడానికి ఏమీ లేక లెన్స్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది.

ఇంకొకటి, మెనూలో సర్వో ఏఎఫ్ కేస్‌లు ఉంటాయి, వాటిలో `Case 2` పెట్టండి. అడ్డం వచ్చినవాటిని పట్టించుకోకుండా పట్టుకున్నదాన్నే వదలకుండా ఉండేది అది. పోటీలో మనుషులు కెమెరాకి అడ్డంగా పరిగెత్తని నిమిషం ఉండదు కాబట్టి మనకి సరిగ్గా అదే కావాలి.

డ్రైవ్ హై స్పీడ్ కంటిన్యువస్ ప్లస్. షట్టర్ మోడ్ మెకానికల్. ఎలక్ట్రానిక్‌లో చప్పుడు ఉండదు, సెకనుకి 20 ఫ్రేములు వస్తాయని ఆశ పడతాం, కానీ సెన్సర్ పైనుంచి కిందికి చదివేలోపు విసిరిన చెయ్యి, వేగంగా కదిలే కాలు వంకరపోతాయి. మెకానికల్‌లో ఆర్6కి 12 దాకా వస్తాయి, అవి చాలు.

ఇప్పుడు మళ్ళీ అదే దారి: `Custom shooting mode`, `Register settings`, ఈసారి C2.

## 5. C3 ఫ్లడ్ లైట్ల కింద

మన వైపు పోటీలు చాలాసార్లు రాత్రి దాకా పోతాయి. C2ని తెరిచి రెండే మార్చి C3లో సేవ్ చేయండి: అపర్చర్ ఎఫ్/2.8, షట్టర్ 1/640, దానికి తోడు ఆటో ఐఎస్ఓ పై హద్దు 12800. ఊరి మైదానాల్లో లైట్ల బట్టి అసలు ఐఎస్ఓ 2000, 4000 మధ్య తిరుగుతుంది.

వీటితో పాటు యాంటీ ఫ్లికర్ ఆన్ చేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద వెలిగే పాతరకం పెద్ద లైట్లు సెకనుకి వంద సార్లు ఎక్కువా తక్కువా అవుతుంటాయి, కంటికి తెలియదు గానీ 1/640 లాంటి చిన్న షట్టర్‌కి తెలుస్తుంది. వరసగా తీసిన పది ఫోటోల్లో ఒకటి వెలుగ్గా, ఒకటి మసగ్గా, ఇంకోటి సగం పసుపుగా వచ్చిందంటే కెమెరా పాడైందని కంగారు పడకండి, కారణం ఇదే. యాంటీ ఫ్లికర్ పెడితే వెలుతురు ఎక్కువున్న క్షణం చూసి షట్టర్ కొడుతుంది. దానివల్ల సెకనుకి వచ్చే ఫ్రేములు కొంచెం తగ్గుతాయి, నొక్కిన వెంటనే కాకుండా లిప్తపాటు ఆగినట్టు కూడా అనిపిస్తుంది, అందుకే పగటి C2లో దీన్ని పెట్టను.

## 6. `Auto update set.` దగ్గర ఆగండి

అదే మెనూలో `Register settings` కింద ఇది ఉంటుంది. దీన్ని `Disable` మీదే ఉంచండి అని నా గట్టి మాట.

`Enable` చేస్తే C2లో ఉండగా మీరు తిప్పిన ప్రతి డయల్ ప్రీసెట్‌లోకి ఎక్కిపోతుంది. మధ్యాహ్నం దుమ్ము కోసం ఒకసారి కాంపెన్సేషన్ పెంచారు, ఇంకోసారి చెయ్యి తగిలి షట్టర్ మారింది, సాయంత్రానికి మీ C2 మీది కాదు.

`Disable`కి మాత్రం ఒక గుణం ఉంది, తెలుసుకోకపోతే ఇబ్బంది పడతారు. C2లో ఉండి షట్టర్ 1/2000 చేశారు, కెమెరా కాసేపు వదిలేస్తే ఆటో పవర్ ఆఫ్ అయింది, మళ్ళీ లేపితే 1/1600కి వెనక్కి వచ్చేసి ఉంటుంది. డయల్ వేరే చోటికి తిప్పి వచ్చినా అంతే. "సెట్టింగ్ నిలబడట్లేదు" అని అడిగేవాళ్ళలో ఎక్కువమంది సమస్య ఇదే. అందుకని పోటీ రోజు `Auto power off` సమయం పొడిగించుకోండి, ఇంకో బ్యాటరీ జేబులో ఉంచుకోండి. మార్పు రోజంతా కావాలనుకుంటే C2లోనే ఉండి మార్చి, మళ్ళీ `Register settings`తో C2 మీదే సేవ్ చేయండి.

## 7. ఇంటి దగ్గరే పరీక్ష

ఊరికి బయల్దేరే ముందు రోజు వాకిట్లో పావుగంట చాలు.

1. C1లో ఇంట్లోవాళ్ళని నిలబెట్టి మూడు ఫోటోలు తీయండి.
2. కంటి నుంచి కెమెరా తీయకుండా ఒక మెట్టు తిప్పి C2కి రండి, రోడ్డు మీద పోయే బండినో పరిగెత్తే పిల్లాడినో తీయండి.
3. మళ్ళీ C1కి రండి. ఫోటోలు తెరిచి షట్టర్, అపర్చర్, ఐఎస్ఓ, డ్రైవ్ ఏ ఫోటోకి ఆ ఫోటోకి మారాయో లేదో చూడండి.
4. C2లో షట్టర్ మార్చి, కెమెరా దానంతట అది నిద్రపోయేదాకా వదిలేసి, లేపి చూడండి. పైన చెప్పిన గుణం మీ బాడీలో ఎలా ఉందో కళ్ళారా తెలుస్తుంది.
5. కెమెరా ఆఫ్ చేసి ఆన్ చేసి మూడు ప్రీసెట్లూ తిప్పి చూడండి. ఒక్కో ప్రీసెట్ స్క్రీన్‌ని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి, ఎప్పుడైనా చెరిగిపోతే మళ్ళీ కట్టుకోవడానికి అదే ఆధారం.

మూడోసారికి వేలు దానంతట అది వెళ్తుంది. ఒక్క జాగ్రత్త, డయల్ మెట్టు తప్పి `B` మీద పడొచ్చు, అది నొక్కినంతసేపు షట్టర్ తెరిచే ఉండే మోడ్. ఫోటో మొత్తం తెల్లగా వచ్చి, నొక్కినప్పుడు చప్పుడు రెండు ముక్కలుగా వినపడితే డయల్ చూసుకోండి.

## 8. మైదానంలో నా వరస

టంగుటూరు వైపు ఒక ఊళ్ళో నాలుగు పళ్ళ విభాగం రోజు ఎలా చేశానో చెప్తా, అప్పుడు పైన చెప్పినవి ఎక్కడెక్కడ పనికొస్తాయో తెలుస్తుంది.

పదకొండు గంటలకి రైతు తన జతని కడిగి, కొమ్ములకి కుచ్చులు కట్టి, పక్కన కొడుకుని నిలబెట్టుకున్నాడు. C1. ఎండ తల మీద, ముఖం కింద నీడ. వాళ్ళని వేపచెట్టు నీడ అంచుకి రమ్మన్నా, ఎఫ్/5.6 అలాగే, కాంపెన్సేషన్ ప్లస్ మూడింట ఒక వంతు. తెల్ల ఎద్దు ఫ్రేమ్ నిండా ఉంటే కెమెరా దాన్ని బూడిద చేయాలని చూస్తుంది, రైతు ముఖం ఇంకా ముదురవుతుంది, అందుకని కొంచెం పెంచాలి. ఎక్కువ పెంచితే ఎద్దు వీపు మీద తెలుపు పోతుంది, హైలైట్ అలర్ట్ ఆన్‌లో ఉంటే అక్కడ మిణుకుమిణుకుమని కనపడుతుంది, కనపడగానే ఒక మెట్టు తగ్గించాలి.

మైకులో పిలిచారు. జతని తోలుకుపోతుండగానే ఒక క్లిక్కు, C2. నేను పెంచిన ప్లస్ కాంపెన్సేషన్ అక్కడే C1లో ఆగిపోయింది, C2 తన సున్నాతో వచ్చింది. ఏ ప్రీసెట్ కాంపెన్సేషన్ ఆ ప్రీసెట్‌దే, ఎండలో నిలబడ్డ జతకి ఆ ప్లస్ అంటుకుని వచ్చి ఉంటే వీపులు తెల్లబోయేవి.

ఎడ్లు ఎదురుగా వచ్చే చివర కూర్చున్నా. మొదటి లాగు ముందు ఒక ఫోటో తీసి ఐఎస్ఓ చూశా, 200. పాయింట్ ఎడమ ఎద్దు నొసటి మీద. ఒక్కసారిగా బండ కదిలే క్షణం ఉంటుంది కదా, మెడలు వంగి, వెనక గిట్టలు నేలలో దిగి, అప్పుడు ఒక సెకను నొక్కి వదిలా. పది పన్నెండు ఫ్రేములు. అలా కాకుండా ఆ చివర నుంచి ఈ చివర దాకా నొక్కి పట్టుకుంటే బఫర్ నిండిపోయి, ఎడ్లు తిరిగేటప్పుడు కెమెరా బిగుసుకుపోతుంది. మలుపు దగ్గర ఫోటోలే అన్నిటికన్నా బాగుంటాయి, బఫర్‌ని దానికోసం మిగిల్చుకోవాలి.

గడువు అయిపోయింది, కొలతలు చూస్తున్నారు, రైతు చెమటతో ఎద్దు మెడ మీద చెయ్యేసి నిలబడ్డాడు. ఒక క్లిక్కు వెనక్కి, C1, మెయిన్ డయల్‌తో ఎఫ్/2.8. ఆ ఫోటోకి ఉన్న సమయం నాలుగైదు సెకన్లు. మెనూలోకి వెళ్ళి సర్వో తీసి, ఫేస్ ట్రాకింగ్ పెట్టి, డ్రైవ్ మార్చుకుని వచ్చేసరికి అతను నీళ్ళ ట్యాంకర్ దగ్గరికి వెళ్ళిపోయేవాడు.

## 9. ఏదో తేడాగా ఉంటే

C2లో ఎడ్లు మసక, వెనక మనుషులు షార్ప్. ఏఎఫ్ పద్ధతి ఇంకా ఫేస్ ట్రాకింగ్, `Subject to detect` ఇంకా `People` మీదే ఉన్నాయి. C2లో మార్చి మళ్ళీ రిజిస్టర్ చేయండి.

ఎండలో తెల్లబోతోంది, ఐఎస్ఓ 100 చూపిస్తోంది. నేల తగిలింది, ఇక కిందికి పోదు. షట్టర్ 1/2500 చేయండి, లేదా ఎఫ్/8.

C1లో ఒక్కసారి నొక్కితే నాలుగు ఫోటోలు. C1 రిజిస్టర్ చేసినప్పుడు డ్రైవ్ హై స్పీడ్‌లో ఉంది.

ఏ ప్రీసెట్‌లో పెట్టినా ఫోకస్ అసలు కదలట్లేదు. లెన్స్ పక్కన చూడండి. ఏఎఫ్/ఎంఎఫ్ స్విచ్, ఫోకస్ దూరాన్ని పరిమితం చేసే స్విచ్, స్టెబిలైజర్ మోడ్ స్విచ్, ఇవి లెన్స్ మీద చేత్తో జరిపేవి, డయల్ తిప్పితే మారవు. బ్యాగులోంచి తీసేటప్పుడు తగిలి జరిగిపోతుంటాయి. దగ్గరగా ఉన్న మనిషి మీద ఫోకస్ రాక, దూరంగా ఉన్న ఎడ్ల మీద వస్తోందంటే తప్పు దాదాపు ఆ దూరం స్విచ్‌దే.

## 10. నికాన్, సోనీ వాళ్ళకి

నికాన్‌లో డయల్ మీద U1, U2 ఉన్న బాడీలైతే సెటప్ మెనూలో `Save user settings`, లోపల `Save to U1`. ముందు `A` మోడ్‌లో పోట్రెయిట్ అంతా సర్ది U1లో, తర్వాత `M`లో ఆటో ఐఎస్ఓతో యాక్షన్ సర్ది U2లో. మూడోది లేని బాడీలో రాత్రి లైట్లకి U2లోనే షట్టర్, అపర్చర్, ఐఎస్ఓ పై హద్దు అక్కడికక్కడ మార్చుకోవాలి.

సోనీ ఏ7 ఫోర్‌లో డయల్ మీద 1, 2, 3 అంకెలుంటాయి. అన్నీ సర్దుకున్నాక షూటింగ్ మెనూలో `Camera Set. Memory`లోకి వెళ్ళి అంకె ఎంచుకుని ఎంటర్. అక్కడే M1 నుంచి M4 దాకా ఇంకా కనపడతాయి, అవి కార్డులో దాచేవి, కాబట్టి పోటీ దగ్గర కార్డు మారిస్తే పాత కార్డుతో పాటే పోతాయి. పోట్రెయిట్, యాక్షన్ రెండూ 1, 2 అంకెల్లోనే ఉంచండి.